కొత్త కుక్కపిల్లకు ఇంటి అలవాట్లు: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం

ఇంటికి కొత్తగా వచ్చిన కుక్కపిల్ల ఏ వేళకు తినాలి, ఎక్కడ పడుకోవాలి, ఒంటికి రెంటికి ఎక్కడికి వెళ్లాలి, ఎంతసేపు ఒంటరిగా ఉండగలగాలి, ఇంటివాళ్లతోనూ వచ్చేపోయేవాళ్లతోనూ ఎలా మెలగాలి అన్నవి ఒక పద్ధతిలో పడటానికి సాధారణంగా రెండు నెలలు పడుతుంది. పిల్ల వయసు లెక్కలో ఇది సుమారు ఎనిమిదో వారం నుంచి పదహారో వారం దాకా. ఈ రెండు నెలల్లో ఏర్పడిన అలవాట్లు, భయాలు చాలావరకు జీవితాంతం నిలుస్తాయి. ప్రాణం తీసే జబ్బుల ముప్పు ఎక్కువగా ఉండేదీ ఈ రెండు నెలల్లోనే. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కుక్కపిల్లల పెంపకానికి ఉన్న ప్రత్యేకత వల్ల ఈ రెండు విషయాలూ మరింత చిక్కుపడతాయి.

ప్రాంతం, ఇళ్ల తీరు

హైదరాబాద్‌కు పడమర, బీజాపూర్ రోడ్డు మీద వరుసగా వచ్చే మండలాలు ఇవి. 1920లో పూర్తయిన గండిపేట, 1927 నాటి హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు పగ్గం పడింది. మొయినాబాద్ చుట్టూ అపార్టుమెంట్లకు బదులు తోటలు, వాటి మధ్య ఫాంహౌస్‌లు పెరగడానికి ఈ కట్టడి ఒక ముఖ్య కారణం. చేవెళ్ల వైపు వెళ్లేకొద్దీ కూరగాయలు, పూలు పండించే పొలాలు కనిపిస్తాయి.

కుక్కపిల్లకు సంబంధించినంత వరకు ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటే. చాలా ఫాంహౌస్‌ల యజమానులు నగరంలో ఉంటారు, శని ఆదివారాల్లో వస్తారు. పిల్లను కొనేది వాళ్లు. వారంలో మిగతా రోజులు దానితో ఉండేది గేటు పక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం. ఒకే పిల్లకు ఇద్దరు యజమానులు, రెండు రకాల తిండి, రెండు రకాల ముద్దు, రెండు రకాల అదుపు. పిల్ల అలవాట్లు చెడడానికి జాతి, వంశం కంటే ఈ రెండు చేతుల పెంపకమే ఎక్కువ కారణమవుతుంది. రెండు కుటుంబాలూ ఒకే పద్ధతికి కట్టుబడితే ఇదే ఏర్పాటు పిల్లకు ఎంతో మేలు చేస్తుంది. నగరంలో తొమ్మిది గంటలు తాళం వేసిన ఫ్లాట్‌లో పడి ఉండే పిల్ల కంటే, రోజంతా మనుషులు తిరిగే తోటలోని పిల్ల అదృష్టం చేసుకున్నట్టే.

ఎనిమిదో వారం ఎందుకు

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని చెబుతున్నాయి. అయినా 30, 35 రోజుల పిల్లలను అంటగట్టే అమ్మకందారులు ఉన్నారు. తల్లి దగ్గర, తోటి పిల్లల మధ్య గడిపే ఐదు నుంచి ఎనిమిదో వారంలోనే పిల్ల తన పంటి బలాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకుంటుంది. గట్టిగా కరిస్తే తోటి పిల్ల కీచుమని ఆట మానేస్తుంది, తల్లి కసురుతుంది. ఆ పాఠం తప్పిపోయిన పిల్ల ఇంట్లో చిన్నపిల్లల చేతులు గట్టిగా కొరుకుతుంది, మాన్పించడం కష్టమవుతుంది.

అలాగని మరీ ఆలస్యమూ పనికిరాదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల ఎదుగుదలను గమనించి 1965లో పుస్తకంగా వెలువరించారు. కొత్త మనుషులను, కొత్త జంతువులను జంకు లేకుండా తనవాళ్లుగా ఒప్పుకునే వయసు సుమారు మూడో వారంలో మొదలై పన్నెండు, పద్నాలుగు వారాల దగ్గర ముగుస్తుందన్నది వాళ్ల పరిశీలన. అంతకు ముందు, 1961లో అక్కడి పరిశోధకులే ప్రచురించిన మరో ప్రయోగం మన ఫాంహౌస్ యజమానులు తప్పక తెలుసుకోవాల్సింది. కంచె వేసిన మైదానంలో పిల్లలకు తిండి, నీళ్లు అందేలా చూసి మనిషి కంట పడకుండా పెంచారు. పద్నాలుగు వారాలు అలా గడిపిన పిల్లలు ఆ తర్వాత మనిషి దగ్గరకు రాలేదు, అడవి జంతువుల్లా బెదిరి పారిపోయాయి. తిండికి లోటు లేదు, తిరగడానికి చోటుకు లోటు లేదు. లేనిదల్లా మనిషి పొత్తు. ఎకరం తోటలో వదిలేశాం, హాయిగా పెరుగుతుందిలే అనుకునే యజమాని ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

టీకాల మధ్య ఖాళీ

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పిల్ల లోకాన్ని చూడాల్సిన వారాలూ, దాన్ని నేల మీద వదలకూడని వారాలూ ఒకటే.

పుట్టిన ఒకటి రెండు రోజుల్లో తాగిన ముర్రుపాల ద్వారా తల్లి నుంచి పిల్లకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ వారం వారం తగ్గుతూ పోతుంది. ఒక పిల్లలో ఎనిమిదో వారానికే అయిపోవచ్చు, మరో పిల్లలో పద్నాలుగో వారం దాకా మిగలవచ్చు. అది మిగిలి ఉన్నంతకాలం వేసిన టీకాను కూడా శత్రువుగానే భావించి అణచివేస్తుంది. అందుకే ఒక్క సూదితో పని కాదు. ఆరు నుంచి ఎనిమిదో వారంలో మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున వేస్తూ, ఆఖరిది పదహారు వారాలు నిండాక పడేలా చూడమని ప్రపంచ స్థాయి పశువైద్య సంఘాలు చెబుతాయి. ‘రెండు సూదులు అయిపోయాయి, ఇక భయం లేదు’ అని పన్నెండో వారంలో ఆపేసిన పిల్లల్లో కొన్నింటికి నిజానికి ఒక్క సూదీ పట్టి ఉండదు.

ఈ ఖాళీలో దెబ్బకొట్టేది ముఖ్యంగా పార్వో వైరస్. జబ్బు కుక్క మలంలో బయటికొచ్చి నీడపట్టు మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. చెప్పుల అడుగున, బండి టైర్లకు అంటుకుని గేటు లోపలికి వస్తుంది. మామూలు సబ్బుకు, ఫినాయిల్‌కు లొంగదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందు కడిగి శుభ్రం చేసిన గచ్చు మీద పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. గచ్చునైతే అలా కడగవచ్చు, తోట మట్టిని కడగలేం. కాబట్టి ఏడాది లోపు పార్వోతో పిల్ల చనిపోయిన తోటకు టీకాలు పూర్తికాని మరో పిల్లను తీసుకురాకూడదు. అమ్మేవాడు చెప్పడు. వాచ్‌మన్‌ను, పక్క తోటవాళ్లను అడిగి తెలుసుకోవడం కొనేవాళ్ల పని.

పిల్ల తిండి మాని ముడుచుకుని పడుకుందంటే, వెంట వెంటనే వాంతులైతే, ఆ తర్వాత నెత్తురు కలిసిన, మామూలుగా ఎరుగని ఘాటైన కంపుతో విరేచనాలైతే పార్వో అని అనుమానించాలి. ఈ జబ్బులో చంపేది ఎక్కువగా ఒంట్లో నీరు ఇంకిపోవడమే. సెలైన్‌తో మొదటి రోజే వైద్యం మొదలైతే చాలా పిల్లలు బతుకుతాయి. మజ్జిగ పట్టి, రెండు రోజులు చూద్దాం అనుకుంటే సమయం మించిపోతుంది. మొయినాబాద్ నుంచి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరే. నగరంలో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్య సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది.

మరి పదహారో వారం దాకా గదిలో బంధించాలా? అక్కర్లేదు. పిల్ల పాదాలు అపరిచిత నేలను తాకకూడదు, అంతే. కళ్లు, చెవులు, ముక్కు తమ పని చేసుకోవచ్చు. చంకన ఎత్తుకుని గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే ట్రాక్టరు, పాలవాడి బండి, మేకల మంద, పెళ్లివారి బ్యాండు అన్నీ దానికి పరిచయమవుతాయి. కారులో ఒళ్లో కూర్చోబెట్టుకుని చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద ఒకసారి ఆపి, అద్దం దించి లోకాన్ని చూపించవచ్చు. టీకాలన్నీ వేసిన, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే వాళ్ల గచ్చు మీద కలపవచ్చు. వీధికుక్కలు తిరిగే మట్టి, సంతలు, చెరువు గట్లు మాత్రం పదహారు వారాలు నిండాక వేసే ఆఖరి టీకా అయిన వారం, పది రోజుల తర్వాతే.

ఒక పిల్ల, ఒక ఇల్లు

విషయం స్పష్టం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మణికొండలో ఉండే కుటుంబానికి కనకమామిడి దగ్గర ఎకరం తోట, అందులో చిన్న ఇల్లు ఉన్నాయనుకుందాం. వాచ్‌మన్, భార్య, బడికెళ్లే ఇద్దరు పిల్లలు గేటు పక్క గదిలో ఉంటారు. ఏప్రిల్ 1న పుట్టిన లాబ్రడార్ పిల్లను మే 27న తెచ్చారు. ఆ రోజుకు దానికి సరిగ్గా ఎనిమిది వారాలు.

మే చివరి ఎండలో ప్రయాణం తెల్లవారుజామునే ముగించాలి. ఇంటికి రాగానే బంధువులను పిలిచి చేతులు మార్చకూడదు. మొదటి మూడు రోజులూ ఈ రెండు కుటుంబాలే దాని లోకం. మొదటి పది రోజులైనా నగరం కుటుంబంలో ఒకరు తోటలో ఉండాలి. లేదంటే మొదటి రోజు నుంచే తిండి పెట్టే పని, బయటికి తీసుకెళ్లే పని వాచ్‌మన్ భార్య చేతికి అప్పగించాలి. శనివారం మంచం మీద పడుకోబెట్టుకుని, ఆదివారం సాయంత్రం గేటు దగ్గర గొలుసు వేసి వెళ్లిపోవడం పిల్లకు అన్నిటికంటే హాని చేసే పద్ధతి. సోమవారం రాత్రి అది ఏడుస్తుంది, వాచ్‌మన్ నిద్ర చెడి కసురుతాడు, పిల్లకు మనిషి చెయ్యి అంటే భయం మొదలవుతుంది. కుక్కను అలవాటుగా చాలాసేపు గొలుసుకు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

రెండు కుటుంబాలూ కూర్చుని నాలుగు సంగతులు ముందే తేల్చుకోవాలి. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏ గదిలోకి రాకూడదు, ఏం తింటుంది, ఏ మాటకు ఏం చేయాలి. యజమాని పిల్లలు ‘సిట్’ అని, వాచ్‌మన్ ‘కూసో’ అని అంటే పిల్ల రెండూ నేర్చుకోదు. ఏదో ఒక్కటే పెట్టుకోవాలి, అదీ రోజూ దానితో ఉండేవాళ్ల నోటికి వచ్చేదైతే మంచిది. వంటగది, పూజగది వద్దనుకుంటే గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు చెక్క పెట్టాలి. ఒకరోజు రానిచ్చి మరోరోజు తరిమితే దానికి అర్థమయ్యేది గుమ్మం సంగతి కాదు, ఆ మనిషిని నమ్మలేమన్న సంగతి.

రాత్రి, పగలు

ఆ వయసులో పిల్ల రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్రపోతుంది. నిద్ర చాలని పిల్లే ఎక్కువగా కొరుకుతుంది, ఊరికే ఎగిరెగిరి పడుతుంది. ఆడి ఆడి అలిసి పడుకున్న దాన్ని లేపి ఆడించవద్దని ఇంట్లోని పిల్లలకు చెప్పాలి. మొదటి వారం రాత్రుళ్లు దాని పడకను ఎవరో ఒకరి మంచం పక్కనే ఉంచాలి. ఏడిస్తే చెయ్యి కిందికి చాచి తాకితే చాలు. వేరే గదిలో వేసి ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందిలే అనుకోవడం వల్ల అది ఊరుకోవచ్చు గానీ, ఒంటరితనమంటే భయం మాత్రం మిగిలిపోతుంది. వారం తర్వాత పడకను రోజుకు కొంచెం చొప్పున దూరం జరపవచ్చు.

మూత్రం ఆపుకునే శక్తిని నెలల లెక్కన చూడాలి. రెండు నెలల పిల్ల పగలు రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు ఆపగలదు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ముగియగానే, పడుకునే ముందు ఎత్తుకుని ఒకే చోటికి తీసుకెళ్లాలి. పని కాగానే అక్కడికక్కడే మెచ్చుకుని చిన్న ముక్క తినిపించాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చినట్టవుతుంది. రాత్రి కూడా మొదటి రెండు మూడు వారాలు ఒకసారి లేవక తప్పదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇక సెకన్లే ఉన్నాయి. ఇంట్లో తడిపితే ముక్కు పట్టి అందులో రుద్దడం, కొట్టడం చేస్తే పిల్ల నేర్చుకునేది ఒక్కటే: మనిషి చూస్తుండగా చేయకూడదని. ఆ తర్వాత సోఫా వెనక్కి వెళ్లి చేస్తుంది. తడిని గుడ్డతో తీసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. గాఢంగా ఫినాయిల్ చల్లి తడి ఆరకముందే పిల్లను వదిలితే అది పాదాలు నాకి మందును కడుపులోకి తీసుకుంటుంది.

ఫాంహౌస్ పిల్లకు ఇక్కడ మరో ఇబ్బంది ఉంది. ఏ నేల మీద చేయాలన్న ఇష్టం దానికి తొమ్మిదో వారానికల్లా ఏర్పడటం మొదలవుతుంది. ఎప్పుడూ గడ్డి మీదే అలవాటైన పిల్లను మణికొండ ఫ్లాట్‌కు తీసుకెళ్తే అక్కడ గడ్డి కనిపించదు. రోజంతా బిగబట్టి, చివరికి మెత్తగా తగిలిన పరుపు మీద కానిస్తుంది. నగరానికి రాకపోకలు ఉంటాయనుకున్నవాళ్లు మొదటి వారం నుంచే ఒక వెడల్పాటి ట్రేలో తోటలోని మట్టి, గడ్డిచెక్క వేసి రోజుకు ఒకటి రెండుసార్లు అందులోనూ అలవాటు చేయాలి. ఆ ట్రేను బాల్కనీలో పెడితే పిల్లకు ఇల్లు మారినా తావు మారదు.

తిండి

తెచ్చిన మొదటి నాలుగైదు రోజులు అమ్మినవాళ్లు ఏం పెట్టారో అదే పెట్టాలి. మార్చాలనుకుంటే వారం రోజుల్లో పాత తిండి తగ్గిస్తూ కొత్తది పెంచాలి. మూడు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ పైన రెండు. తోటలోని ఇంటికి ఉదయం ఏడు, పన్నెండు, సాయంత్రం నాలుగు, రాత్రి ఎనిమిది అనుకూలంగా ఉంటాయి. పదిహేను నిమిషాల్లో వదిలేసిన తిండిని ఎత్తేయాలి. వేళకు తిన్న పిల్ల వేళకే బయటికి వెళ్తుంది.

మన ఇళ్లలో కుక్కపిల్లకు మొదట గుర్తొచ్చేది పాలు, పెరుగన్నం. గేదెపాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలవుతాయి. పెరుగు కొంచెం పడుతుంది గానీ, పెరుగన్నం ఒక్కటే పెడితే ఎదిగే ఎముకకు, కండకు కావలసినది అందదు. అన్నంతో పాటు ఉడికించిన కోడిమాంసం, గుడ్డు ఉండాలి. మాంసం, అన్నం మాత్రమే పెట్టినా కాల్షియం చాలక ముందుకాళ్లు వంగుతాయి. అందుకే ఇంటి తిండి పెట్టేవాళ్లు కాల్షియం మోతాదును పశువైద్యుణ్ని అడిగి కలపాలి. పాకెట్ తిండి తినే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతి పిల్లలకు దుకాణదారు చెప్పాడని కాల్షియం సిరప్ పోస్తే అది కూడా ఎముకల ఎదుగుదలను చెడగొడుతుంది. ఈ ప్రాంతంలో కావలి కోసం పెద్ద జాతులనే ఎక్కువగా తెస్తారు కాబట్టి ఇది పదేపదే చెప్పాల్సిన సంగతి.

శనివారం విందుల రోజు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, పులుసులు నెత్తుటిలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. పాయసంలోని కిస్‌మిస్, పందిరి ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ సరేసరి. వచ్చిన అతిథులు ప్రేమగా ఒక్కో ముద్ద పెట్టకుండా పిల్లను ఆ రెండు గంటలూ లోపలి గదిలో, దాని పడక దగ్గర ఉంచడం మేలు.

తోటలోని ప్రమాదాలు

నగరపు ఇంట్లో పిల్ల తీగలు, చెప్పులు కొరుకుతుంది. ఇక్కడ డ్రిప్ లాటరల్ పైపు కొరుకుతుంది. అది నష్టమే గానీ ప్రమాదం కాదు. ప్రమాదం ఆ పైపు పాకిన మడిలో ఉంటుంది. పురుగుమందు కొట్టిన తడి మీద నడిచి పాదాలు నాకినా, కలిపిన బకెట్‌లో మూతి పెట్టినా పిల్లకు నోటి వెంట చొంగ ఆగకుండా కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఒళ్లు వణుకుతుంది. వెంటనే ఒంటిని సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బాను వెంట తీసుకుని పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. డబ్బా చూస్తేనే ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకూడదు. ఎలుకల మందుల్లో ఒక రకం మరింత మోసం చేస్తుంది. తిన్న మూడు నుంచి ఐదు రోజుల దాకా పిల్ల మామూలుగానే తిరుగుతుంది, ఆ తర్వాత లోలోపల నెత్తురు కారడం మొదలవుతుంది. తిన్నట్టు అనుమానం ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. పిల్ల వచ్చే ముందే గోదాములో, కొట్టంలో పెట్టిన ఉండలన్నీ వెతికి తీసేయాలి. పొరుగు పొలం రైతుకు కూడా చెప్పి, మందు కొట్టే రోజు ముందుగా చెప్పమని అడగాలి.

తోటల్లో నీళ్ల కోసం ప్లాస్టిక్ షీటు పరిచి తవ్విన కుంటలు, ఫాంహౌస్‌లలో ఈతకొలనులు మామూలే. పిల్ల ఈదగలదు గానీ నున్నటి అంచు ఎక్కలేదు, ఈది ఈది అలసి మునిగిపోతుంది. చుట్టూ వల కట్టాలి. ఒక మూల నుంచి నీళ్లలోకి గరుకు పట్టాలు కొట్టిన పలక వేలాడదీసి, పిల్లను దాని మీదుగా పైకి ఎక్కడం నాలుగైదుసార్లు నేర్పాలి.

జూన్‌లో తొలకరి పడగానే కప్పలు బయటికొస్తాయి. గరుకు చర్మపు గోదురు కప్పను పిల్ల నోట పట్టగానే అది చేదు విషం వదులుతుంది, పిల్ల నురగలు కక్కుతుంది. తలను కిందికి, పక్కకు వంచి ఐదు నిమిషాలు పారే నీళ్లతో నోరు కడిగితే చాలావరకు తేరుకుంటుంది. తూలినా, గిలగిలా కొట్టుకున్నా వైద్యం కావాలి. వానాకాలంలో సాయంత్రం తర్వాత పిల్లను టార్చి, తాడు లేకుండా బయటికి వదలకపోవడానికి కప్ప ఒక కారణమైతే, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి అంతకంటే పెద్ద కారణం. పాము కరిచిందనుకుంటే కట్టు కట్టడం, కోయడం చేయకుండా, పిల్లను నడిపించకుండా ఎత్తుకుని విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ఏ ఆసుపత్రిలో ఉందో ముందే ఫోన్ చేసి తెలుసుకుని గోడ మీద రాసుకోవాలి.

గోమార్లు

పశువుల కొట్టం దగ్గరున్నా లేకున్నా ఈ ప్రాంతంలో కుక్కకు గోమార్లు పట్టక మానవు. కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, దాని గది గోడ పగుళ్లలో. అందుకే ఒంటికి మందు వేసి గదిని వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ కింద, తోక మొదట్లో చూసి, చిమ్టాతో చర్మానికి దగ్గరగా పట్టి నేరుగా లాగి సబ్బునీళ్లలో వేయాలి. వేళ్లతో చిదపకూడదు. ఈ పరీక్ష వల్ల మరో లాభం, పిల్లకు చెవి, పాదం తాకించుకోవడం అలవాటై తర్వాత గోళ్లు తీయడం తేలికవుతుంది. గేదెలకు వాడే గోమార్ల మందును నీళ్లలో కలిపి పిల్లకు పోయడం పల్లెల్లో ఉంది. దాంతో పిల్లలు చనిపోతాయి. ఎనిమిది వారాలు దాటిన పిల్లకు సరిపోయే మందును దాని బరువు చూసి పశువైద్యుడే ఇవ్వాలి. జ్వరం, చిగుళ్లు తెల్లబారడం, ముక్కు నుంచి నెత్తురు, కాఫీ రంగు మూత్రం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. గోమారి జ్వరాలు ఒకటి కాదు, రెండు మూడు రకాలున్నాయి. ఒకదాని మందు మరోదానికి పనిచేయదు.

మే నుంచి జూలై దాకా

కనకమామిడి పిల్ల దగ్గరికి వద్దాం. మే 27న తెచ్చిన రోజునో మర్నాడో పశువైద్యుడికి చూపించి మొదటి టీకా, నులిపురుగుల మందు ఇప్పించారు. జూన్ 24న రెండో టీకా. ఆ మధ్య వారాల్లో రోజూ ఎత్తుకుని గేటు దగ్గరికి, వారానికోసారి కారులో. జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అప్పటికి ఈ పిల్లకు మూడు నెలలు దాటాయి కాబట్టి వయసు సరిగ్గా సరిపోతుంది. రద్దీలో దాన్ని కింద దించకుండా వేయించుకుని రావాలి. జూలై 22కు పదహారు వారాలు నిండుతాయి, అప్పుడు మూడో టీకా. మరో వారం, పది రోజుల తర్వాత తాడు కట్టి తోట బయట నడిపించవచ్చు. నులిపురుగుల మందు ఆరో నెల దాకా నెలకోసారి పడాలి.

ఈ వారాల్లోనే ఒంటరితనం కూడా మెల్లగా నేర్పాలి. ఇరవై సెకన్లు గది దాటి వెనక్కి రావడం, తర్వాత రెండు నిమిషాలు, తర్వాత పది. ఏడుపు మొదలుకాకముందే తిరిగి రావడం ఇందులో కీలకం. శబ్దాల సంగతీ అంతే. బీజాపూర్ రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు చాలా ఉన్నాయి, పెళ్లిళ్ల రాత్రి బాణసంచా తప్పదు, ఆషాఢంలో బోనాల డప్పులు వస్తాయి. తిండి పెట్టే వేళ ఫోన్‌లో ఆ చప్పుళ్లను వినీ వినపడనంత సన్నగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ పెంచాలి. చెవులు వెనక్కి వాల్చి తిండి మానేస్తే శబ్దం ఎక్కువైందని గుర్తు.

పిల్ల పళ్లు ఇంట్లో ఎవరికైనా గీరుకుని నెత్తురు వస్తే చిన్న పిల్లే కదా అని వదిలేయకూడదు. సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. వాచ్‌మన్ పిల్లలకు గీరుకున్నా ఇదే పద్ధతి, వాళ్లను తీసుకెళ్లే బాధ్యత పిల్లను కొన్నవాళ్లదే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

వారమంతా రాత్రిపూట ఒక మనిషి కూడా పడుకోని తోటకు, ఎంత పెద్ద కంచె ఉన్నా, ఎనిమిది వారాల పిల్లను తీసుకురావద్దు. కావలి కావాలనుకునేవాళ్లు టీకాలు పూర్తయి, మనుషులకు అలవాటైన పెద్ద కుక్కను దత్తత తీసుకోండి. అదీ రోజూ దానికి తిండి పెట్టే మనిషి ఎవరో తేల్చుకున్న తర్వాతే.